నెమలికంఠం చీరకు ఎర్ర రవిక ఎందుకు కుదరలేదు?

నమస్కారమండీ. మా అమ్మ ధర్మవరంలో కొన్న పట్టుచీర ఫోటో పంపుతున్నాను. బాడీ నెమలికంఠం, అంచు ఎరుపు, కొంగు వంకాయ రంగు. జతగా వచ్చిన రవిక గుడ్డ ఎప్పుడో పోయింది. ఫోటోలో కనిపించే అంచు ఎరుపును దుకాణంలో చూపించి ఎర్ర రా సిల్క్ తెచ్చుకున్నాను. చీర కట్టుకుని ఆ గుడ్డను భుజం మీద వేసి చూస్తే అంచు వెలిసిపోయినట్లు, ఎరుపు వేరే చీరదైనట్లు ఉంది. వచ్చే నెల తమ్ముడి పెళ్ళి. ఏ రంగు రవిక కుట్టించుకోవాలి?
— తాడిపత్రి నుంచి ఒక పాఠకురాలు

అమ్మా, మీరు ఎంచుకున్న ఎరుపు మీ చీరలో ఉన్నదే. కాని అది ఉన్న చోటు, రవిక పక్కన పడే చోటు ఒకటి కావు. మీ చీర అంచు వెలిసిపోలేదు, దుకాణదారుడు తప్పు రంగు ఇవ్వలేదు. ఫోటో తీసేటప్పుడు చీరను మడిచి కొంగు పైకి వచ్చేటట్లు పరిచారు, అందరమూ అలాగే పరుస్తాము, ఎందుకంటే చీరలో చూపించుకోదగిన నేత అక్కడే ఉంటుంది. చిక్కు కూడా అక్కడే వచ్చింది. అనంతపురంలో మ్యాచింగ్ సెంటర్ నడిపినన్నాళ్ళూ ఇదే కారణంతో గుడ్డ మార్చుకోవడానికి వచ్చినవారిని ఎందరినో చూశాను కనుక, మీ ఫోటోను పెద్దది చేసి మొదట కొంగు మొదలయ్యే గీత దగ్గర అంచును చూశాను. ఆ గీతకు కొంగు వైపున అంచు మిరపపండు ఎరుపుగా ఉంది. గీత దాటి బాడీ వైపుకు వచ్చిన వెంటనే, ఫోటో మూలలో రెండు వేళ్ళ వెడల్పున మాత్రమే కనిపిస్తున్న అంచు, చింతపండు రంగులోకి మారింది. జరీ ఒకటే, పువ్వు ఒకటే, మారినది అడుగు రంగు ఒక్కటే.

ఎందుకు మారిందో తెలిస్తే రవిక రంగు దానంతట అదే తేలుతుంది కనుక నేత సంగతి కొంచెం చెబుతాను. మగ్గం మీద చీర పొడవునా సాగే పోగులు పడుగు, వాటి మధ్య నుంచి అడ్డంగా నాడె తీసుకుపోయే పోగులు పేక. పడుగు ఒక రంగు, పేక మరొక రంగు అయితే వచ్చేదే డబుల్ షేడ్. ధర్మవరం చీరలకు ఆ పేరు ఎప్పటి నుంచో ఉంది. మీ చీర బాడీలో పడుగు నీలం, పేక ఆకుపచ్చ. ఈ రెండూ కలిసి, ఒక వైపు నుంచి చూస్తే నీలంగా, మరొక వైపు నుంచి చూస్తే పచ్చగా కదిలే నెమలికంఠం వచ్చింది. అంచు దగ్గర పడుగులో నీలం బదులు ఎర్ర పోగులు పెట్టారు, కాని అడ్డంగా వచ్చే పేక మాత్రం బాడీలోని ఆకుపచ్చదే, అదే పోగు ఈ అంచు నుంచి ఆ అంచు దాకా పోతుంది. ఎరుపు మీద పచ్చ అల్లుకున్నప్పుడు ఎరుపు మెరుపు తగ్గి గోధుమ ఛాయ కలిసిన మెరూన్ వస్తుంది, నేను చింతపండు రంగు అన్నది దానినే. కొంగు దగ్గరకు వచ్చేసరికి నేతగాడు పచ్చ పేకను ఆపి ఎర్ర పేకను ఎక్కించాడు. నీలం పడుగు మీద ఎర్ర పేక పడితే వంకాయ రంగు, అది మీ కొంగు. ఎర్ర పడుగు మీద ఎర్ర పేక పడితే నిండు ఎరుపు, అది కొంగు పక్కన ఉన్న అంచు. మూడు రంగుల పోగులతో మీ చీరలో నాలుగు రంగులు పుట్టాయి. మీరు ఎర్ర రా సిల్క్‌ను ఆ నాలుగింటిలో అతి తక్కువ చోట ఉన్నదానికి జత చేశారు.

ఇప్పుడు చీర కట్టుకున్నప్పుడు ఏ భాగం ఎక్కడికి వస్తుందో చూడండి. కొంగు నేత సాధారణంగా ఒక గజం పొడవు ఉంటుంది. కుచ్చిళ్ళు పెట్టి ఎడమ భుజానికి పిన్ను పెట్టి వెనుకకు వదిలినప్పుడు ఆ గజమంతా వీపు వెనుక వేలాడుతుంది. ఛాతీ మీదుగా ఏటవాలుగా పోతూ రవికను ఆనుకునే అంచు బాడీ భాగానిది, అంటే చింతపండు రంగుది. దాని పక్కన నిండు ఎరుపు పెడితే కన్ను రెండింటినీ ఒకే రంగుగా పోల్చి చూస్తుంది, పోల్చినప్పుడు కలిసిపోని అంచు పాతబడినట్లు కనిపిస్తుంది. ఒకే రంగు కుటుంబంలో కొంచెం తేడా ఉన్న రెండు గుడ్డలను పక్కపక్కన పెట్టడం, పూర్తిగా వేరే రంగులను పెట్టడం కంటే ఎప్పుడూ ప్రమాదకరం. అదే ఎరుపు పక్కన పసుపు అంచు ఉండి ఉంటే మీకు ఈ ఇబ్బంది వచ్చేది కాదు.

రవికను బాడీకి జత చేయాలా, అంచుకు జత చేయాలా అని చాలామంది అడుగుతారు. నా అభిప్రాయంలో ముందుగా అడగవలసినది, రవిక పక్కన నిలిచేది ఏది అన్నది. పైట అంచు రవికకు, బాడీకి మధ్య గీతలాగా పడుతుంది. రవిక అంచు రంగులోనే ఉంటే ఆ గీత రవికలో కలిసిపోయి, జరీ మాత్రమే మిగులుతుంది. రెండు అంగుళాల చిన్న అంచుకు అది బాగానే ఉంటుంది, కాని ఫోటోలో జరీ పువ్వులను బట్టి చూస్తే మీ అంచు నాలుగు అంగుళాలకు తక్కువ లేదు. అంత అంచు, దానికి కలిసిపోయే రవిక ఒక్కచోట చేరితే పై భాగమంతా బరువైన ఒకే ముద్దగా మారి, బాడీ నెమలికంఠం నడుము కింద మాత్రమే కనిపిస్తుంది. మీ చీరలో అందమంతా ఆ నెమలికంఠంలోనే ఉంది కనుక అలా జరగనివ్వడం నాకు ఇష్టం లేదు.

అందుచేత మీకు నేను చెప్పే రంగు ముదురు ఆకుపచ్చ. దీనికి కారణం మీ నేతలోనే ఉంది: పచ్చ పేక బాడీలోనూ నడుస్తోంది, అంచులోనూ నడుస్తోంది, రెండింటికీ ఉమ్మడిగా ఉన్న రంగు అదొక్కటే. రవిక పచ్చగా ఉంటే బాడీలోని పచ్చదనం పైకి తేలుతుంది, అంచులో ఎరుపుతో కలిసిపోయి దాగి ఉన్న పచ్చ కూడా కంటికి ఒక పొందికగా తోస్తుంది, అదే సమయంలో పచ్చకు ఎదురుగా నిలిచే రంగు ఎరుపే కనుక అంచులోని ఎర్ర పడుగు ఇప్పటికంటే ఎర్రగా కనిపిస్తుంది. నీలం రవిక కూడా బాడీకి సరిపోతుంది కదా అని మీకు అనిపించవచ్చు. పగటిపూట అది బాగుంటుంది. కాని కల్యాణమండపాలలో ఎక్కువగా ఉండే పసుపు ఛాయ దీపాలలో నీలం వెలుగు తక్కువ. ఆ దీపాల కింద ముదురు నీలం దాదాపు నలుపుగా కనిపిస్తుంది, మీ చీర బాడీ కూడా నీలం తగ్గి పచ్చ వైపుకు మొగ్గుతుంది. అప్పుడు పచ్చ రవిక చీరతో పాటే మారుతుంది, నీలం రవిక మాత్రం వెనుకబడిపోతుంది.

ఇదంతా నేను ఫోటోను చూసి చెబుతున్నది కనుక, గుడ్డ కొనే ముందు చీరను చేతిలోకి తీసుకుని మీరు ఒకసారి సరిచూసుకోవాలి. కొన్ని పట్టుచీరలలో అంచుకు వేరే పేక, బాడీకి వేరే పేక వాడి, మూడు నాడెలతో నేస్తారు. అలాంటి చీరలో అంచు రంగు ఏ కలగలుపూ లేకుండా కొస నుంచి కొస దాకా ఒకటే ఉంటుంది, దానికైతే మీ ఎర్ర రా సిల్క్ చక్కగా కుదిరేది. తేడా తెలుసుకోవడానికి చీరను తిరగవేసి, బాడీ, అంచు కలిసే చోట వేలు పెట్టి తడమండి. మూడు నాడెల నేత అయితే అక్కడ రెండు పేకలు ఒకదానిలో ఒకటి చిక్కుకున్న సన్నని గట్టు చేతికి తగులుతుంది, కొన్ని చీరలలో రంపపు పళ్ళలాంటి గీత కూడా కనిపిస్తుంది. ఒకే పేక అయితే గట్టు ఉండదు, గుడ్డ నున్నగా సాగిపోతుంది. కొంగు గీత దగ్గర అంచు రంగు మారడాన్ని బట్టి మీది రెండవ రకమే అని నాకు నమ్మకం, అయినా వేలితో చూసుకుంటే ఖర్చేమీ లేదు.

ఫోటోను బట్టి రంగు కొనడం గురించి ఒక మాట చెప్పాలి. మీ ఫోటోలో చీర వెనుక ఉన్న తెల్ల గోడ లేత పసుపుగా వచ్చింది. గోడ పసుపైతే చీర మీద కూడా అదే పసుపు పడినట్లే. ఎరుపు మరింత వేడిగా, నీలం మరింత మసకగా వచ్చి ఉంటుంది. పైగా నెమలికంఠంలాంటి గాఢమైన నీలిపచ్చ రంగులను చాలా ఫోన్ తెరలు ఉన్నవి ఉన్నట్లు చూపలేవు, తమకు చేతనైన దగ్గరి రంగును చూపుతాయి. రాత్రిపూట కళ్ళకు ఒత్తిడి తగ్గడానికి తెరను పసుపుగా మార్చే అమరిక మీ ఫోన్‌లో ఉంటే, ఇంట్లో చూసిన రంగు ఒకటి, దుకాణంలో చూసిన రంగు మరొకటి అవుతుంది. ఫోటో తీయక తప్పనప్పుడు పొద్దున పది గంటల ప్రాంతంలో వసారా నీడలో, ఎండ నేరుగా పడనిచోట, ఫ్లాష్ లేకుండా తీయండి. ఫ్లాష్ వేస్తే జరీ తెల్లగా వెలిగిపోయి దాని కింద ఉన్న రంగు నల్లబడుతుంది. చీర మీద ఒక తెల్ల కాగితం పెట్టి తీస్తే, ఫోటోలో ఆ కాగితం తెల్లగా ఉందా లేదా అన్నదే ఆ ఫోటోను ఎంతవరకు నమ్మవచ్చో చెబుతుంది. ఏ భాగాన్ని తీయాలన్నది అంతకంటే ముఖ్యం: కొంగును కాదు, కొంగు గీత నుంచి అరగజం లోపలికి వచ్చి, బాడీ, అంచు సగం సగం కనిపించేటట్లు తీయాలి. రవిక పక్కకు వచ్చేది ఆ చోటే.

ఫోటో ఏ భాగంలో ఏ రంగు ఉందో తెలుసుకోవడానికి పనికి వస్తుంది కాని, గుడ్డ కొనడానికి పోగులే సాక్ష్యం. మీరు నడుము దగ్గర దోపుకునే లోపలి కొస దగ్గరకు వెళ్ళండి. కొంగు కొస పనికిరాదు, అక్కడి పేక ఎర్రది. లోపలి కొస మడిచి కుట్టి ఉంటే ఆ కుట్టు విప్పి, చివరి నుంచి నాలుగు పేక పోగులు నెమ్మదిగా లాగండి. అంచులో నుంచి కూడా అదే పచ్చ పోగు తెగకుండా వస్తే, వేలితో చూసినది మరొకసారి రుజువైనట్లే. ఒంటరి పోగును చూసి రంగు నిర్ణయించకూడదు, విడిగా అది అసలు కంటే లేతగా కనిపిస్తుంది. పెళ్ళి శుభలేఖ మందాన ఉన్న తెల్ల అట్టను ఒక సెంటీమీటరు వెడల్పున కత్తిరించి, ఆ పోగులను దాని మీద ఖాళీ లేకుండా పక్కపక్కన చుట్టండి. ఒక్కొక్క పోగు చీర పన్నా అంత పొడవు, అంటే నాలుగడుగుల దాకా ఉంటుంది కనుక నాలుగు పోగులకే అట్ట మీద చక్కని పచ్చ పట్టీ తయారవుతుంది. నా దుకాణంలో చీరను వెంట తేలేనివారికి నేను చేయించినది ఇదే, చీర మొత్తం తెచ్చినవారి కంటే ఆ అట్ట తెచ్చినవారికే జత బాగా కుదిరేది.

ఆ అట్టను, వీలైతే చీరను కూడా తీసుకుని పగటిపూట దుకాణానికి వెళ్ళండి. ట్యూబులైటు కింద కలిసిపోయిన రెండు పచ్చలు బయట వెలుగులో విడిపోవచ్చు, ఎందుకంటే రెండు గుడ్డలకు వాడిన రంగులు వేరువేరు అయినప్పుడు ఒక్కొక్క వెలుగుకు ఒక్కొక్కటి ఒక్కోలా స్పందిస్తుంది. అందుకే గుడ్డను గడప దగ్గరకు తీసుకుపోయి చూడమని మన పెద్దవాళ్ళు పట్టుబట్టేవారు. గడప దగ్గర అట్టతో సరిపోయిన పచ్చను గుర్తించాక, దానిని కొనకుండా దాని కంటే ఒక మెట్టు ముదురుగా ఉన్నదానిని తీసుకోండి. చీరలో ఆ పచ్చ ఒంటరిగా లేదు, నీలం పడుగు దానిని లోతుగా చేసింది. పోగు పచ్చనే గుడ్డగా తీసుకుంటే అది చీర కంటే లేతగా ఉండి రవిక ముందుకు పొడుచుకు వచ్చినట్లు కనిపిస్తుంది.

ఎంత ముదురు అన్నది తేల్చుకోవడానికి ఒక సులభమైన పరీక్ష ఉంది. చీర అంచు మీద ఆ గుడ్డను ఆనించి ఫోటో తీసి, ఫోన్‌లో దానిని నలుపు తెలుపులోకి మార్చండి. రంగు పోయిన తరువాత గుడ్డ, అంచు ఒకే బూడిద రంగులో కలిసిపోతే, సాయంత్రం వెలుగులో నాలుగడుగుల దూరం నుంచి చూసేవారికి కూడా అవి కలిసిపోతాయి. గుడ్డ అంచు కంటే స్పష్టంగా నల్లగా ఉంటే అది సరైన ముదురు. ఈ పరీక్షకు రంగుల ఖచ్చితత్వం అక్కరలేదు కనుక, మామూలు ఫోటో కూడా ఇక్కడ మీకు నమ్మకంగా పనికి వస్తుంది.

గుడ్డ రకానికి వస్తే, టూ బై టూ తీసుకోవద్దు. నూలుకు మెరుపు లేదు, పట్టు పక్కన అదే పచ్చ కూడా సున్నం కలిసినట్లు వెలవెలబోతుంది. రా సిల్క్ గాని, సాదా పట్టు గాని మంచిది. పల్చని పట్టు అయితే లోపలి లైనింగ్ కూడా ముదురు పచ్చదే వేయించండి, తెల్ల లైనింగ్ పైగుడ్డను ఒక మెట్టు లేతగా చేస్తుంది, మీరు కష్టపడి ఎంచుకున్న ముదురు అక్కడే పోతుంది. చేతులకు జరీ పట్టీ వేయించుకోవాలనుకుంటే చీరలోని జరీని చూసి, పాత బంగారు ఛాయ ఉన్నదానిని ఎంచుకోండి. పసుపు మెరుపు జరీ అమ్మగారి కాలపు చీరకు పక్కన నిలవదు. తెచ్చుకున్న ఎరుపును ఈ రవికకు అంచుగా గాని పైపింగ్‌గా గాని వాడాలనే కోరిక కలుగుతుంది. మెడ దగ్గర వద్దు, అక్కడ అది మళ్ళీ చింతపండు అంచు పక్కకే వస్తుంది. కుడి చేతి కొసన సన్నగా వేసినా, ఎడమ చేతికి కూడా వేయాలి కదా, అది పైట కిందికి పోతుంది. ఎరుపు నిండుగా ఉన్న మరొక చీర కోసం దానిని దాచుకోండి.

దుకాణంలో సాదా పచ్చ బదులు పచ్చ, నీలం కలిసిన డబుల్ షేడ్ రా సిల్క్ చూపించవచ్చు. అది ఈ చీరకు ఇంకా బాగుంటుంది, కాని కత్తిరింపులో జాగ్రత్త కావాలి. డబుల్ షేడ్ గుడ్డను నిలువుగా పట్టుకుంటే ఒక రంగు, అడ్డంగా తిప్పితే మరొక రంగు కనిపిస్తుంది. మా ఇంట్లో ఒక పెళ్ళికి కుట్టించిన రవికలో, గుడ్డ చాలలేదని దర్జీ చేతుల ముక్కలను అడ్డంగా తిప్పి కత్తిరించాడు. కుట్టు పూర్తయి వేసుకున్న తరువాత ఒళ్ళు పచ్చగా, చేతులు నీలంగా కనిపించాయి, రెండు వేరు గుడ్డలని అందరూ అనుకున్నారు, అప్పటికి విప్పి సరిచేసే దారి లేకపోయింది. కనుక డబుల్ షేడ్ తీసుకుంటే ఎనభై సెంటీమీటర్లు చాలదు, ఒక మీటరు తీసుకోండి. ముందు, వెనుక, చేతుల ముక్కలన్నీ ఒకే వాటంలో పెట్టి కత్తిరించమని దర్జీకి చెప్పి, గుడ్డ అంచు పొడవున సుద్దతో ఒక బాణం గుర్తు మీరే వేసి ఇవ్వండి.